నా కటింగ్ రీల్ కింద ఎవరో తమ కోర్సు అమ్ముకుంటున్నారు. రీమిక్స్‌కి నేను అనుమతి ఎప్పుడు ఇచ్చాను?

సూదీదారం (రాజమండ్రి)

అందరికీ నమస్కారం. నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. కటింగ్ వీడియోలు చిన్నవి ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్‌గా, పెద్దవి యూట్యూబ్‌లో పెడుతుంటాను. మొన్న ఒక కస్టమర్ ఫోన్ చేసి "అక్కా, నువ్వు ఆ అకాడమీలో టీచరుగా చేరావా?" అని అడిగింది. ఏంటా అని చూస్తే, కటోరీ బ్లౌజ్‌కి చంక దగ్గర కత్తిరించే నా రీల్ పై సగంలో ఆడుతోంది. కింది సగంలో ఒకాయన కూర్చుని "ఇలా కత్తిరిస్తే చంక కింద ముడతలు పడతాయి, సరైన పద్ధతి మా కోర్సులో నేర్పుతాం" అంటున్నాడు. పక్కన ఫోన్ నంబరు.

ఇది కాక, ఇంకో పేజీ వాళ్ళు నా రీల్‌ని యూట్యూబ్ షార్ట్స్‌లో మొత్తంగా పెట్టేశారు. మూలన నేను రాసుకున్న పేరు కనపడకుండా జూమ్ చేశారు.

రెండింటికీ నన్ను ఎవరూ అడగలేదు. ఇవి ఎలా తీయించాలి? ఇకముందు ఇలా జరగకుండా ఏ సెట్టింగ్ మార్చాలి? రెండు రాత్రులుగా ఇదే టెన్షన్.

నెట్టింటి నాని

సింపుల్ అక్కా. ఇన్‌స్టాలో రీమిక్స్, అంటే మన రీల్‌కి వేరేవాళ్ళు తమ వీడియో కలిపి పెట్టే వీలు, ఆఫ్ చెయ్యి. ఆఫ్ చేయగానే పాతవి కూడా వాటంతట అవే పోతాయి. అకౌంట్ ప్రైవేట్ చేస్తే ఇంకా సేఫ్.

వంటింటి రమ

నాకూ ఇలాగే అయింది. ఉగాది పచ్చడి వీడియోకి వెనకాల ఒక సినిమా పాట పెట్టాను, వెంటనే పాట హక్కులున్న కంపెనీ నుంచి క్లెయిమ్ వచ్చింది. యాడ్ డబ్బులు వాళ్ళకే వెళ్తాయంట. మీరు కూడా పాట మార్చి మళ్ళీ పెట్టండి, సమస్య పోతుంది.

కెమెరా బాబాయ్ (విజయవాడ)

రమ గారూ, మీది వేరే విషయం. మీరు వేరొకరి పాట వాడారు, ఆ కంపెనీ హక్కు అడిగింది. ఇక్కడ సూదీదారం గారి వీడియోనే వేరేవాళ్ళు వాడారు. పాట మారిస్తే ఏమీ తేలదు.

నాని చెప్పినదాంట్లో సగం నిజం. రీమిక్స్ ఆపితే ఇకముందు కొత్తగా ఎవరూ చేయలేరు. ఇప్పటికే చేసినవి మాత్రం పోవు. నేను నలుగురైదుగురు క్రియేటర్లకి ఎడిటింగ్ చేస్తాను, వాళ్ళ అకౌంట్లలో రీమిక్స్ ఆపినప్పుడు పాత రీమిక్స్‌లు ఎక్కడివి అక్కడే ఉన్నాయి. అవి అవతలివాళ్ళ అకౌంట్‌లో పోస్టులు అయిపోయాయి కాబట్టి మన మీట అక్కడిదాకా పోదు.

అమ్మా, ముందు ఒకటి తేల్చుకోవాలి. మీరు చెప్పిన రెండూ ఒకటి కావు. మొదటిది యాప్ ఇచ్చిన బటన్‌తో చేసినదా, లేక మీ వీడియోని డౌన్‌లోడ్ చేసుకుని బయట ఎడిట్ చేసి పెట్టినదా? బటన్‌తో చేసినదైతే ఆ వీడియో మీద రీమిక్స్ అని గుర్తు, మీ అకౌంట్ పేరు కనిపిస్తాయి. పేరు నొక్కితే మీ దగ్గరికి వస్తుంది. చేసిన రోజు మీకు నోటిఫికేషన్ కూడా వచ్చి ఉంటుంది, కిందకి జరిపి చూడండి. యూట్యూబ్‌లో షార్ట్స్ రీమిక్స్ అయితే అసలు వీడియోకి లింకు షార్ట్ మీదే కనిపిస్తుంది. మీ పేరే లేకపోతే అది రీమిక్స్ కాదు, దొంగతనంగా ఎక్కించినది. దానికి ఏ సెట్టింగూ అడ్డు పడదు. దారి వేరే ఉంది, అది తర్వాత చెబుతాను.

సూదీదారం

చూశాను బాబాయ్ గారూ. కోర్సు ఆయన దాంట్లో నా పేరు ఉంది, నొక్కితే నా పేజీకే వస్తోంది. నోటిఫికేషన్ కూడా వచ్చింది, లైకుల మధ్యలో పడిపోయి చూసుకోలేదు. షార్ట్స్ దాంట్లో మాత్రం నా పేరు ఎక్కడా లేదు.

అయితే మొదటిదానికి నేనే అనుమతి ఇచ్చినట్టా? ఎప్పుడు ఇచ్చాను?

కెమెరా బాబాయ్

అకౌంట్ పబ్లిక్‌గా పెట్టి రీల్ పోస్టు చేసినప్పుడే ఇచ్చినట్టు. మొదటిసారి రీల్ పెట్టేటప్పుడు ఒక చిన్న పెట్టె వస్తుంది. మీ అకౌంట్ పబ్లిక్ కనుక ఎవరైనా మీ రీల్‌ని రీమిక్స్ చేయవచ్చు, ఆ రీమిక్స్‌లో భాగంగా మీ రీల్‌ని డౌన్‌లోడ్ చేసుకోవచ్చు అని అందులో ఉంటుంది. చాలామంది సరే నొక్కి ముందుకెళ్తారు.

ఇన్‌స్టాలో రీమిక్స్ 2021 మార్చి చివర్లో వచ్చింది. అప్పుడు పక్కపక్కన రెండు వీడియోలు పెట్టడం ఒక్కటే ఉండేది. 2022 జూలైలో బాగా పెంచారు. పైనా కిందా సగాలు, గ్రీన్ స్క్రీన్, మూలన చిన్న పెట్టెలో మొహం, అసలు వీడియో అయ్యాక తన ముక్క అతికించడం, ఫొటోలకి కూడా రీమిక్స్, అన్నీ అప్పుడు వచ్చాయి. మీ కోర్సు ఆయన వాడింది పైనా కిందా సగాలు.

ఇప్పుడు ఆపడం. ప్రొఫైల్‌లో మూడు గీతలు నొక్కి, సెట్టింగ్స్‌లో `Sharing and reuse` అని ఉన్నదాంట్లోకి వెళ్ళండి. యాప్ అప్‌డేట్‌ని బట్టి పేరు కాస్త అటూ ఇటూ ఉంటుంది. అక్కడ రీమిక్స్‌కి సంబంధించిన మీట ఆఫ్ చేయండి. అది అకౌంట్ మొత్తానికి. ఒక్క రీల్‌కే ఆపాలంటే ఆ రీల్ తెరిచి మూడు చుక్కలు నొక్కితే అక్కడ విడిగా ఉంటుంది. కొత్త రీల్ పెట్టేటప్పుడు షేర్ నొక్కే ముందు పేజీలో కూడా ఉంటుంది.

అదే చోట డౌన్‌లోడ్‌కి వేరే మీట ఉంది, అది కూడా చూడండి. పబ్లిక్ రీల్స్‌ని ఎవరైనా ఫోన్‌లోకి దించుకునే వీలు 2023లో వచ్చింది. రీమిక్స్ ఆపి డౌన్‌లోడ్ వదిలేస్తే, పని సగమే అయినట్టు.

మార్చాక మీ ఫోన్‌లో చూసి నమ్మకండి. సొంత రీల్‌కి మెనూ వేరుగా కనిపిస్తుంది. ఇంట్లో వేరేవాళ్ళ ఫోన్‌లో మిమ్మల్ని ఫాలో కాని అకౌంట్‌తో మీ రీల్ తెరిచి, అక్కడ రీమిక్స్ వస్తోందా లేదా చూడండి. పాత రీల్స్ రెండు మూడు, కొత్తది ఒకటి, ఇలా కలిపి చూడాలి.

నెట్టింటి నాని

ప్రైవేట్ చేస్తే ఈ గొడవంతా ఉండదు కదా బాబాయ్.

కెమెరా బాబాయ్

ఉండదు. ప్రైవేట్ అకౌంట్ రీల్స్ ఫాలోయర్లకే కనిపిస్తాయి, రీమిక్స్ చేయడానికి వీలుండదు. కానీ ఆవిడకి బ్లౌజు ఆర్డర్లు వచ్చేది ఆ రీల్స్ చూసి. కొత్తవాళ్ళకి కనపడకపోతే పెట్టి ఏం లాభం?

పల్లెగొంతు (సిరిసిల్ల)

నేను ఇంకో మాట చెప్త అక్కా. నేను బతుకమ్మ పాటలు, నాట్లప్పుడు పాడే పాటలు పాడి పెడతాను. నా గొంతు తీసుకుని వేల మంది రీల్స్ చేసిండ్రు, దాంతోనే నన్ను పిలిచి ప్రోగ్రాములు ఇచ్చిండ్రు. రీమిక్స్, ఆడియో రెండూ బంద్ చేసి ఉంటే నేను ఈ ఊరు దాటకపోదును. అందరూ మంచి కోసం చేయరు, నిజమే. కానీ మొత్తం మూసేయకండి.

ఒకటి మాత్రం చేయండి. మీ వీడియోలో మీ మాటలే ఉంటే ఆ ఆడియో ‘ఒరిజినల్ ఆడియో’ అని మీ అకౌంట్ పేరు మీద నిలుస్తది. దానికి పేరు మార్చుకునే వీలు ఇస్తరు, ఒక్కసారే. ‘కటోరీ కటింగ్, సూదీదారం’ అని పెట్టుకోండి. ఎవరు వాడినా ఆ పేరు వెంట పోతది.

డాలస్ సుజాత

ఇండియాలో టిక్‌టాక్ 2020 జూన్‌లోనే నిషేధించారు కాబట్టి అక్కడివాళ్ళకి దాంట్లో రీమిక్స్ లాంటి డ్యూయెట్, స్టిచ్ అనే పేర్లు గుర్తుండకపోవచ్చు. ఇక్కడ మా పిల్లలకి అవే. నా ప్రశ్న కాస్త పక్కది, క్షమించాలి. మా అమ్మాయికి 15 ఏళ్ళు, కూచిపూడి నేర్చుకుంటోంది. టిక్‌టాక్‌లో జతుల వీడియోలు పెట్టింది. తన ఫ్రెండ్స్ డ్యూయెట్ చేయలేకపోతున్నారని, ఆ సెట్టింగే మారడం లేదని గొడవ. యాప్ పాడైందా?

కెమెరా బాబాయ్

పాడవలేదమ్మా. 16 ఏళ్ళలోపు పిల్లల వీడియోలకి డ్యూయెట్, స్టిచ్ రెండూ 2021 జనవరి నుంచి లేవు. ఆ వయసువాళ్ళ అకౌంట్ కూడా మొదటినుంచి ప్రైవేట్‌గానే ఉంటుంది. 16, 17 ఏళ్ళవాళ్ళకి ఫ్రెండ్స్ వరకే అని పెట్టి ఉంటుంది, కావాలంటే మార్చుకోవచ్చు. తన వయసు నిజంగానే నమోదైంది కాబట్టి అలా వస్తోంది. ఇంకో ఏడాది ఆగమనండి. పుట్టిన సంవత్సరం మార్చి కొత్త అకౌంట్ తెరుస్తానంటే మాత్రం ఒప్పుకోకండి. అప్పుడు ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా ఆ పిల్ల పక్కన నిలబడి వీడియో చేయవచ్చు.

డాలస్ సుజాత

అర్థమైంది. డ్యూయెట్, స్టిచ్ తేడా కూడా చెబుతారా? ఒకటి ఆపి ఒకటి ఉంచుకోవచ్చా?

కెమెరా బాబాయ్

డ్యూయెట్‌లో మన వీడియో మొత్తం ఆడుతుంటుంది, పక్కన వాళ్ళు. స్టిచ్‌లో మన వీడియోలోంచి చిన్న ముక్క, మొదట వచ్చినప్పుడు 5 సెకన్ల దాకా, ముందు చూపించి తర్వాత వాళ్ళ మాట మొదలవుతుంది. నన్నడిగితే ఇబ్బంది ఎక్కువ స్టిచ్‌తోనే. డ్యూయెట్‌లో మనం అన్నది చివరిదాకా వినిపిస్తుంది, చూసేవాళ్ళకి మన వాదన అందుతుంది. స్టిచ్‌లో మధ్యలోంచి ఒక వాక్యం కోసి, దాని మీద జవాబు చెప్పవచ్చు. ‘చంక లోతు తగ్గించకండి, ఛాతీ 40 దాటితే తప్ప’ అన్న మాటలో మొదటి సగమే తీసుకుంటే అర్థమే తిరగబడుతుంది. అందుకే విడివిడిగా ఆపుకునే వీలు పెట్టారు. యాప్ కొత్త రూపాల్లో కొన్నిచోట్ల రెంటినీ కలిపి ఒకే మీటగా చూపిస్తోంది, మీ దాంట్లో ఎలా ఉందో చూసుకోండి.

సూదీదారం

బాబాయ్ గారూ, అన్నీ ఆపేశాను. మా చెల్లి ఫోన్‌లో చూశాను, నా రీల్స్‌కి రీమిక్స్ రావడం లేదు. మీరన్నట్టే కోర్సు ఆయన వీడియో అలాగే ఉంది. ఆయనకి మెసేజ్ పెట్టాను, ‘మీరు అనుమతి ఇచ్చారు కదా మేడం’ అని జవాబు.

హైకోర్టు జూనియర్

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఆయన జవాబులో కొంత న్యాయం ఉంది, కొంత లేదు.

ఇలాంటి యాప్‌లు మన దగ్గర తీసుకునే అనుమతి ఎలా ఉంటుందో యూట్యూబ్ షరతుల్లో స్పష్టంగా కనిపిస్తుంది. మీరు వీడియో పెట్టగానే మిగతా వాడుకరులకి కూడా దాన్ని వాడుకునే, మార్చి కొత్తది తయారుచేసుకునే లైసెన్సు ఇస్తున్నారు, కానీ యూట్యూబ్‌లో ఉన్న ఫీచర్ ఎంతవరకు వీలిస్తుందో అంతవరకే. యూట్యూబ్ బయట వాడుకోవడానికి ఆ లైసెన్సు చెల్లదని కూడా అక్కడే రాసి ఉంది. కాబట్టి బటన్ తెరిచి ఉన్నప్పుడు ఆ బటన్‌తో చేసినదాన్ని కాపీరైట్ పేరుతో తీయించడం కష్టం. అదే వీడియోని దించి వేరే చోట ఎక్కిస్తే ఆ అనుమతి వెంట రాదు. మీ ఇన్‌స్టా రీల్ యూట్యూబ్ షార్ట్స్‌లో తేలిందంటే, మీరు రీమిక్స్ ఆన్‌లో ఉంచినా సరే, అది మీ కాపీరైట్‌ని ఉల్లంఘించినట్టే.

మొదటి ఆయన విషయంలో ఇంకో కోణం ఉంది. ఆయన మీ కటింగ్‌ని విమర్శిస్తున్నాడు. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52 విమర్శకి, సమీక్షకి న్యాయమైన వాడకాన్ని అనుమతిస్తుంది. మరోపక్క మొత్తం వీడియో వాడటం, కోర్సు అమ్మడం మీకు అనుకూలమైన అంశాలు. కోర్టు దేనికి ఎంత బరువిస్తుందో ముందే చెప్పలేను. ఒక రీల్ కోసం అంతదూరం వెళ్ళమని కూడా చెప్పను. ఆయన మిమ్మల్ని బూతులు తిట్టినా, మీరు వాళ్ళ టీచర్ అని రాసినా అది వేరే ఫిర్యాదు, వేధింపు అనో మోసం అనో రిపోర్టు చేయవచ్చు. అలా రాశాడా?

సూదీదారం

రాయలేదు. చూసేవాళ్ళు అలా అనుకుంటున్నారు, అంతే.

కెమెరా బాబాయ్

అయితే ఆ వీడియో కిందే మర్యాదగా ఒక కామెంటు పెట్టండి. ‘ఈ రీల్ నాది, నాకు ఈ అకాడమీతో సంబంధం లేదు. ముడతల సంగతి నా పేజీలో వివరంగా చెప్పాను’ అని. మీ పేరు నొక్కితే ఎలాగూ మీ దగ్గరికే వస్తారు. తర్వాత కావాలంటే ఆయన్ని బ్లాక్ చేయండి. ముందే బ్లాక్ చేస్తే కామెంటు పెట్టడానికి మీకే దారి ఉండదు.

ఇక షార్ట్స్ వాళ్ళది. యూట్యూబ్ స్టూడియోలో `Copyright` అన్న చోట నుంచి తొలగింపు కోరవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. మీ అసలు రీల్ లింకు, వాళ్ళ షార్ట్ లింకు ఇవ్వాలి. వెంటనే తీయమనవచ్చు, లేదా వాళ్ళంతట వాళ్ళే తీసుకునేలా 7 రోజుల గడువు ఇవ్వవచ్చు. మళ్ళీ అదే వీడియో ఎక్కించకుండా అడ్డుకోమని కూడా టిక్ పెట్టవచ్చు. ఫిర్యాదు పంపే ముందు మీ ఫోన్‌లో ఉన్న అసలు ఫైలు, తారీఖుతో సహా, ఎక్కడైనా భద్రం చేసుకోండి. వాళ్ళు ఎదురు తిరిగి వీడియో మాదే అంటే అదే మీకు ఆధారం.

హైకోర్టు జూనియర్

దీంట్లో ఆడవాళ్ళు ముఖ్యంగా తెలుసుకోవాల్సింది ఒకటుంది. కాపీరైట్ ఫిర్యాదులో అసలు పేరు రాయాలి, ఆ పేరు అవతలివాళ్ళకి చేరుతుంది, ఈమెయిల్ కూడా చేరవచ్చు. ఇన్‌స్టాగ్రామ్ దగ్గరా అంతే. ఇంట్లో వాడుకునే ఈమెయిల్ కాకుండా, షాపు పనికోసం వేరేది తెరిచి దాంతో పంపండి.

వంటింటి రమ

బాబాయ్ గారూ, నాది వేరే విషయమని ఇప్పుడు అర్థమైంది. మరి యూట్యూబ్‌లో నా పచ్చళ్ళ పెద్ద వీడియోల్లోంచి కూడా ఇలా ముక్కలు తీసుకుంటారా?

కెమెరా బాబాయ్

తీసుకుంటారు. పెద్ద వీడియోలన్నీ మొదటినుంచే షార్ట్స్ రీమిక్స్‌కి తెరిచి ఉంటాయి. కట్ అనే దాంతో 1 నుంచి 5 సెకన్ల ముక్క తీసుకోవచ్చు. గ్రీన్ స్క్రీన్, పక్కపక్కన పెట్టే కొల్లాబ్, ఆడియో మాత్రమే వాడుకోవడం కూడా ఉన్నాయి. ఆపాలంటే స్టూడియోలో ఆ వీడియో వివరాల పేజీ తెరిచి, `Show more` నొక్కి, `Shorts remixing` దగ్గర చూడండి. మూడు దారులు కనిపిస్తాయి: వీడియో, ఆడియో రెండూ ఇవ్వడం, ఆడియో మాత్రమే ఇవ్వడం, ఏదీ ఇవ్వకపోవడం.

మీలాంటివాళ్ళకి మధ్యదే బాగుంటుందని నా ఉద్దేశం. గొంతు నలుగురిలోకి వెళ్తుంది, మీ వంటిల్లు, మొహం మాత్రం వేరే వీడియోలో కనపడవు. వీడియో పెట్టేటప్పుడే చూసుకోండి. వంద వీడియోలు అయ్యాక వెనక్కి వెళ్ళి మార్చడం పెద్ద పని.

వంటింటి రమ

పెద్దవాటికి దొరికింది. షార్ట్స్‌కి ఆ ఎంపిక కనిపించడం లేదు.

కెమెరా బాబాయ్

నా దగ్గర ఉన్న ఏ చానల్లోనూ షార్ట్స్‌కి అది రాలేదు. షార్ట్‌గా పెట్టారంటే రీమిక్స్‌కి ఇచ్చినట్టే లెక్క వేసుకోండి. రీమిక్స్ కాకూడదనుకున్నది అడ్డంగా, పెద్ద వీడియోలో భాగంగా పెట్టి, ఆ వీడియోకి ఆపేయండి.

పల్లెగొంతు

నేను షార్ట్స్‌లనే పాడేది. నాకు అదే లాభం.

సూదీదారం

చెప్పినవన్నీ చేశాను. షార్ట్స్ వాళ్ళది యూట్యూబ్ తీసేసింది. కోర్సు ఆయనది ఉంది, కామెంటు పెట్టాను, దాన్ని ఆయన తీసేశాడు. మళ్ళీ పెట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నాను.

రీమిక్స్ మొత్తం మూసేయలేదు. చేతుల మీద డిజైన్లు, లేసు కుట్టడం లాంటి చిన్న రీల్స్‌కి మళ్ళీ తెరిచాను, పల్లెగొంతు గారి మాట విని. నా మొహం ఉన్నవాటికి, పూర్తి కటింగ్ ఉన్నవాటికి మాత్రం ఆపాను.

నెట్టింటి నాని

అక్కా, కామెంటు తీసేస్తే అదే మాట నువ్వే ఒక రీల్‌గా పెట్టు. ముడతలు ఎందుకు పడవో కుట్టి చూపించు. ఆయన పేరు ఎత్తకు.

కెమెరా బాబాయ్

నాని చెప్పింది బాగుంది. ఇంకొకటి అడగడం మర్చిపోయాను. మీ రీల్స్ ఫేస్‌బుక్‌కి కూడా వెళ్తున్నాయా? రీల్ పెట్టేటప్పుడు ఫేస్‌బుక్‌లో కూడా అని ఒక మీట ఉంటుంది. ఫేస్‌బుక్ రీల్స్‌కి రీమిక్స్ 2022 ఫిబ్రవరి నుంచి ఉంది, అక్కడి సెట్టింగ్ విడిగా చూసుకోవాలి. ఇన్‌స్టాలో ఆపినంత మాత్రాన అక్కడ ఆగిందని అనుకోకూడదు.

సూదీదారం

వెళ్తున్నాయి. ఇప్పుడే చూశాను, అక్కడ కటోరీ రీల్‌కి రీమిక్స్ ఇంకా ఆన్‌లోనే ఉంది. ఆపుతున్నాను.